తాత 1998లోనే పోయారు, అమ్మకు భాగం వస్తుందా?

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. అమ్మ వాళ్ల నాన్నకు ఆరెకరాల మామిడి తోపు ఉంది, అది ముత్తాత నుంచి వచ్చింది. ముత్తాత 1951లో, తాత 1998లో, అవ్వ 2016లో పోయారు. వీలునామాలు ఎవరూ రాయలేదు. పిల్లలు ముగ్గురు: అమ్మ (పెళ్లి 1982), మామ, పిన్నమ్మ (పెళ్లి 1991). పాస్‌బుక్ 1999 నుంచి మామ పేరు మీదే ఉంది. 2010లో ఒక ఎకరా అమ్మేశాడు. కాయల డబ్బులో అక్కచెల్లెళ్లకు ఏటా కొంత ఇచ్చేవాడు, 2023 నుంచి ఆపేశాడు. అడిగితే, "నాన్న 2005కు ముందే పోయినాడు, ఆ చట్టం మీకు వర్తించదు. పైగా 1996లోనే నాన్నా నేనూ తెల్లకాగితం మీద భాగాలు రాసుకున్నాం" అంటున్నాడు. నిజంగా అమ్మకు ఏమీ రాదా సార్?

సమాధానం:

వస్తుంది బాబూ. మీరు రాసిన వివరాలు కాగితాల్లోనూ అలాగే ఉంటే మీ అమ్మగారికి రెండెకరాలు వస్తాయి. మీ పిన్నమ్మకు రెండు, మీ మామకు రెండు. ఎలా వస్తాయో, ఎక్కడ చిక్కు పడొచ్చో వివరంగా చెబుతాను. చిత్తూరు కోర్టుల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా భాగాల దావాలు చూస్తున్నాను. "నాన్న 2005కు ముందే పోయినాడు" అనే మాట వినని నెల లేదు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మీ మామ దాన్ని కల్పించి చెప్పడం లేదు. 2005 సెప్టెంబర్ 9న హిందూ వారసత్వ చట్టంలో 6వ సెక్షన్ మారింది, కూతురికి కూడా కొడుకులాగే పుట్టుకతో పిత్రార్జితంలో హక్కు వచ్చింది. ఇలా పుట్టుకతో హక్కున్న వాళ్లనే కోర్టు భాషలో కోపార్సెనర్లు అంటారు. అయితే ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అనే ప్రశ్న అప్పటి నుంచే ఉంది. 2015 అక్టోబర్‌లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు, ఆ రోజుకు తండ్రీ బతికి ఉండాలి, కూతురూ బతికి ఉండాలి అని చెప్పింది. 2018 ఫిబ్రవరిలో దానమ్మ కేసులో 2001లో పోయిన తండ్రి ఆస్తిలో కూతుళ్లకు భాగం ఇచ్చింది. రెండూ ఇద్దరేసి జడ్జీల తీర్పులే. కింది కోర్టుల్లో మేం ఒకరు ఒక తీర్పు, ఇంకొకరు రెండో తీర్పు పట్టుకుని వాదించుకునేవాళ్లం. మీ మామకు ఎవరో 2015 నాటి మాట చెప్పి ఉంటారు, అది ఆయన మనసులో అలాగే ఉండిపోయింది.

ఈ గొడవ 2020 ఆగస్టు 11న తీరింది. వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ తీర్పు ఇచ్చింది. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా కూర్చున్న బెంచ్ అది. (అబ్దుల్ నజీర్ గారు తర్వాత మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చారు.) 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని ఆ తీర్పు తేల్చేసింది. 2015 తీర్పు చెల్లదని కూడా అందులోనే రాశారు.

దీని వెనక ఉన్న తర్కం అమ్మగారికి కూడా అర్థమయ్యేలా చెప్పండి, ఎందుకంటే రేపు పెద్దమనుషుల ముందు కూర్చున్నప్పుడు ఇదే ప్రశ్న వస్తుంది. మన ధర్మశాస్త్రంలో దాయం రెండు రకాలు. ఒకరు చనిపోతే గానీ రానిది సప్రతిబంధ దాయం, ఆ మనిషి బతికి ఉండటమే దానికి అడ్డు. పుట్టగానే వచ్చేది అప్రతిబంధ దాయం, దానికి ఏ అడ్డూ లేదు. పిత్రార్జితంలో కొడుక్కి ఉన్నది రెండో రకం. 2005 చట్టం కూతురిని కూడా ఆ రెండో రకంలోకే చేర్చింది. హక్కు తండ్రి చావుతో వచ్చేదైతే ఆయన ఎప్పుడు పోయాడన్నది చూడాలి. పుట్టుకతో వచ్చేదైతే చూడాల్సింది ఆమె ఆ తండ్రికి పుట్టిందా లేదా అన్నదొక్కటే. మీ అమ్మగారు పుట్టిన రోజునే ఆ తోపులో ఆమెకు పాలు ఉన్నట్టు చట్టం ఇప్పుడు లెక్కవేస్తుంది. ఆ హక్కును ఆమె అడిగి తీసుకోగలిగేది మాత్రం 2005 సెప్టెంబర్ 9 నుంచి.

దీనికి మీ మామ తరఫు వకీలు ఒక మంచి వాదమే తెస్తారు. పాత 6వ సెక్షన్ ప్రకారం, భార్యో కూతుళ్లో ఉన్న మగమనిషి పోతే, పోవడానికి ఒక్క క్షణం ముందు ఆస్తి పంచుకున్నట్టు అనుకుని ఆయన భాగం ఎంతో తేల్చాలి. దీన్నే ఊహాత్మక విభజన అంటారు. "1998లోనే అలా విభజన అయిపోయింది, ఇక పంచడానికి ఉమ్మడి ఆస్తి ఎక్కడుంది?" అంటారు. వినీతా శర్మ తీర్పు ఈ వాదాన్ని సూటిగా కొట్టేసింది. అది తండ్రి వాటా ఎంతో తెలుసుకోవడానికి వేసుకునే లెక్క మాత్రమే, నిజం పంపకం కాదు అంది. మీ తాత పోయిన రోజున తోపులోకి ఎవరూ గొలుసు తీసుకెళ్లలేదు, గట్లు వేయలేదు. 2005 నాటికి తోపు ఉమ్మడిగానే ఉంది.

ఇక మన రాష్ట్రానికే చెందిన సంగతి ఒకటి ఉంది. మీ ప్రశ్న చదవగానే నాకు తట్టింది ఇదే, ఎందుకంటే చాలామంది దీన్ని మర్చిపోతారు. ఢిల్లీ చట్టం మారడానికి ఇరవై ఏళ్ల ముందే, ఎన్టీ రామారావు గారి ప్రభుత్వ హయాంలో, ఆంధ్రప్రదేశ్ తన సొంత సవరణ చేసుకుంది. 1986 నాటి 13వ చట్టం అది, అమలు మాత్రం 1985 సెప్టెంబర్ 5 నుంచి. 29ఎ అనే కొత్త సెక్షన్ పెట్టి కూతుర్ని కొడుకుతో సమానంగా కోపార్సెనర్‌ను చేశారు. అయితే రెండు మినహాయింపులు పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి ఆ హక్కు లేదు. ఆ తేదీకి ముందే పంపకం అయిపోయి ఉంటే దాన్ని కదపకూడదు.

ఇప్పుడు మీ ఇంటికి రండి. మీ పిన్నమ్మ పెళ్లి 1991లో. అంటే 1985 సెప్టెంబర్ 5 నాటికి ఆమె పెళ్లి కాని పిల్ల, ఆ రోజు నుంచే ఆమె కోపార్సెనర్. 1998లో మీ తాత పోయేనాటికి ఆమెకు పదమూడేళ్లుగా పుట్టుక హక్కు ఉంది. కాబట్టి "2005కు ముందే పోయినాడు" అనే మాట ఆమె విషయంలో ఏ రోజూ నిలబడేది కాదు. మీ అమ్మగారి పెళ్లి 1982లో కాబట్టి రాష్ట్ర చట్టం ఆమెను బయటే ఉంచింది. ఆమెకు దారి తెరిచింది 2005 సవరణ, ఆ దారిలో ఉన్న అడ్డు తీసింది 2020 తీర్పు. ఒకే ఇంటి ఆడబిడ్డలిద్దరికీ హక్కు రెండు వేర్వేరు దారుల్లో వచ్చిందన్నమాట.

దీని తేడా ఎంతో సెంట్లలో చూపిస్తాను. ఎకరాకు వంద సెంట్లు కదా. 2010లో అమ్మిన ఎకరాను కూడా కలుపుకుని ఆరెకరాలనే లెక్క వేస్తున్నాను. తండ్రీకొడుకుల పంపకంలో భార్యకు విడిగా వాటా ఇచ్చే ఆనవాయితీ మన దక్షిణాదిన లేదు కాబట్టి, మొదటి విభజనలో అవ్వను కలపడం లేదు.

ముందు 1956 నాటి పాత చట్టం ఒక్కటే ఉందనుకోండి. తాతకు మూడెకరాలు, మామకు మూడెకరాలు. తాత మూడెకరాలు అవ్వకు, ముగ్గురు పిల్లలకు సమానంగా పోతాయి, తలా 75 సెంట్లు. 2016లో అవ్వ పోయాక ఆమె 75 సెంట్లు ముగ్గురు పిల్లలకు, తలా 25. అంటే అమ్మకు ఎకరా, పిన్నమ్మకు ఎకరా, మామకు నాలుగు. ఇది గమనించండి: ఏ కొత్త చట్టమూ లేకపోయినా మీ అమ్మగారికి ఎకరా ఉంది. తండ్రి వాటాలో కూతురికి సమాన వారసత్వం 1956 జూన్ 17 నుంచే ఉంది. "ఏమీ రాదు" అన్న మాట ఏ కాలపు చట్టం ప్రకారం చూసినా తప్పే.

రెండోది, రాష్ట్ర సవరణ కలిపి, 2020 తీర్పు లేకుండా చూస్తే. అప్పుడు తాత, మామ, పిన్నమ్మ ముగ్గురూ కోపార్సెనర్లు, తలా రెండెకరాలు. తాత రెండెకరాలు నలుగురికి 50 సెంట్ల చొప్పున, అవ్వ 50 సెంట్లు మళ్లీ ముగ్గురికి. పిన్నమ్మకు, మామకు చెరి 2 ఎకరాల 66 సెంట్ల పైచిలుకు, మీ అమ్మగారికి మాత్రం దాదాపు 67 సెంట్లు. పెద్దకూతురు పాత చట్టంలో వచ్చే ఎకరా కంటే కూడా కిందికి పోతుంది. మన జిల్లాలో 1985కు ముందు పెళ్లయిన అక్కలకు ఇన్నేళ్లు జరిగింది ఇదే. ఈ లెక్క కోర్టు హాల్లో నోటితో చెబుతున్నప్పుడల్లా నాకు బాధగా ఉండేది.

మూడోది, ఈరోజు ఉన్న చట్టం. తాత, మామ, అమ్మ, పిన్నమ్మ నలుగురూ కోపార్సెనర్లు, తలా ఎకరా యాభై సెంట్లు. తాత ఎకరా యాభై నలుగురు వారసులకు, తలా 37న్నర సెంట్లు. అవ్వ 37న్నర ముగ్గురు పిల్లలకు, తలా 12న్నర. 150, 37న్నర, 12న్నర కలిపితే 200 సెంట్లు, అంటే ఒక్కొక్కరికి రెండెకరాలు. దావా వేసేటప్పుడు మూడో వంతు అని అడగాలి, ఎందుకో ఈ మెట్లన్నీ ప్లెయింట్‌లో రాయాలి. కొందరు హడావుడిలో "నాలుగో వంతు" అని అడిగి, తాత, అవ్వల వాటాల్లోంచి వచ్చేదాన్ని మర్చిపోతారు.

ఈ లెక్కంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది, తోపు నిజంగా పిత్రార్జితమా అన్నది. మీరు ముత్తాత పోయిన సంవత్సరం రాయడం చాలా మంచి పని చేశారు. 1951 అంటే 1956కు ముందు. అప్పటి పాత హిందూ ధర్మం ప్రకారం తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన భూమి, ఆ కొడుకు పిల్లల లెక్కలో పిత్రార్జితమే. ముత్తాత స్వార్జితం కొని 1956 తర్వాత పోయి ఉంటే కథ వేరు. అప్పుడు 8వ సెక్షన్ ప్రకారం మీ తాతకు వచ్చిన వాటా ఆయన సొంత ఆస్తి అవుతుంది, 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. అలా అయినా భయం లేదు, వీలునామా లేదు కాబట్టి తాత ఆస్తి మొత్తం వారసులకు సమానంగా పోయి మీ అమ్మగారికి అదే రెండెకరాలు వస్తాయి. తేడా ఎక్కడంటే, సొంత ఆస్తి అయితే తాత మొత్తం తోపును కొడుక్కే వీలునామా రాయగలడు, పిత్రార్జితం అయితే తన వాటా వరకే రాయగలడు. ఇన్నాళ్లకు హఠాత్తుగా ఒక వీలునామా బయటికి వస్తే అప్పుడు ఈ ప్రశ్నకు ప్రాణం వస్తుంది. అందుకే పిత్రార్జితమని ఇప్పుడే రుజువులు పట్టుకోండి.

మన వైపు దానికి మొదటి కాగితం డైగ్లాట్. సర్వే నంబరు చెప్పి తహశీల్దార్ ఆఫీసులో రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ నకలు అడగండి, అందులో పాత పట్టాదారుగా మీ ముత్తాత పేరు కనిపించాలి. తర్వాత పాత అడంగళ్లు, 10(1) అకౌంటు, 1-బి. ఇప్పటివి meebhoomi.ap.gov.in లో దొరుకుతాయి, పాతవాటికి ఆఫీసుకే వెళ్లాలి. ఈసీ కూడా తీయండి. 1983 తర్వాతిది ఆన్‌లైన్‌లో వస్తుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించాలి. తోపులో ఏదైనా సర్వే నంబరు డీకేటీ పట్టా అయితే దాన్ని విడిగా పెట్టుకోండి. అది ప్రభుత్వం మీ తాతకు ఇచ్చిన భూమి, ముత్తాత నుంచి వచ్చింది కాదు. దానిలో అమ్మగారికి వారసురాలిగా హక్కు ఉంటుంది గానీ పుట్టుక హక్కు వాదన పనికిరాదు. మన జిల్లాలో పట్టా భూమి పక్కనే డీకేటీ ముక్కను కలిపి ఒకే కంచె వేసుకున్న తోపులు కొల్లలు, చూడ్డానికి అంతా ఒకటే అనిపిస్తుంది.

పాస్‌బుక్ గురించి టెన్షన్ పడకండి. 1999 నుంచి మామ పేరు ఉన్నంత మాత్రాన అది ఆయన ఒక్కడిదే కాదు. రెవెన్యూ రికార్డు శిస్తు కోసం, సాగు కోసం, లోను కోసం. ఉమ్మడి హక్కులను అది తుడిచెయ్యదు.

ఇక ఆ 1996 తెల్లకాగితం. ఈ కేసులో అసలు యుద్ధం దీని మీదే జరుగుతుంది. 2005 సవరణ పాత పంపకాలను కాపాడింది. కానీ ఎలాంటి పంపకాలను? 2004 డిసెంబర్ 20కి ముందు జరిగినవై, రిజిస్టర్ అయిన దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో అయినవి. సెక్షన్ కిందే వివరణలో అలా రాసి ఉంది. తెల్లకాగితం పారీఖత్తు ఆ రెండింటిలో ఏదీ కాదు. మీ మామ వకీలు అది అసలు పంపకం కాదు, నోటిమాటగా ఎప్పుడో జరిగిన పంపకాన్ని గుర్తు కోసం రాసుకున్న జ్ఞాపక పత్రం అంటారు. నోటి పంపకాన్ని కూడా ఎప్పుడో అరుదుగా, ప్రభుత్వ కాగితాలే దాన్ని గట్టిగా బలపరిస్తేనే ఒప్పుకోవచ్చని, ఒట్టి నోటి సాక్ష్యం మీద ఒప్పుకోరాదని వినీతా శర్మ తీర్పు చెప్పింది.

నిజం పంపకం జరిగిందో లేదో ఎలా పసిగట్టాలంటే, 1996 నుంచి 1998 వరకు అడంగళ్లు చూడండి. తండ్రీకొడుకులు నిజంగా విడిపోయి ఉంటే ఆ రెండేళ్లలో తాత పేరు మీద కొంత, మామ పేరు మీద కొంత విడిగా ఎక్కి ఉండాలి. విడివిడి శిస్తు రసీదులు, విడివిడి సొసైటీ లోన్లు ఉండాలి. నేను పందెం వేయను గానీ, 1998 దాకా మొత్తం తాత పేరు మీద, 1999లో మొత్తం మామ పేరు మీద ఉంటుందనే నా అంచనా. అలా ఉంటే ఆ కాగితం తర్వాత పుట్టిందేమో అన్న అనుమానం కోర్టుకే వస్తుంది. కాగితం అసలు చూపించమనండి. సాక్షులుగా వేలిముద్రలు వేసిన వాళ్లు ఎవరు, రాసిన వాళ్లు ఎవరు, వాళ్లు 1996లో ఊళ్లో ఉన్నారా అని చూడండి.

ఇక్కడే మీ పిన్నమ్మ మీ కేసుకు పెద్ద బలం. 1996 నాటికి ఆమె రాష్ట్ర చట్టం ప్రకారం కోపార్సెనర్. ఆమెకు పాలు పెట్టకుండా, ఆమెను కూర్చోబెట్టకుండా తండ్రీకొడుకులిద్దరే చేసుకున్న పంపకం ఆమెను కట్టేయదు. ఆమె వాదనకు 2004 డిసెంబర్ తేదీతో, రిజిస్ట్రేషన్‌తో పని కూడా లేదు. కాబట్టి ఆ కాగితాన్ని రెండు వైపుల నుంచి కొట్టొచ్చు: అమ్మగారు రిజిస్టర్ కాలేదని, పిన్నమ్మ నన్ను వదిలేసి చేశారని. అక్కచెల్లెళ్లు ఒకే వైపు నిలబడాలని నేను చెప్పేది అందుకే. మీ మామ ఇప్పటికే పిన్నమ్మతో విడిగా మాట్లాడుతూ ఉంటే ఆశ్చర్యపోను. ఒకవేళ కోర్టు ఆ కాగితాన్ని నమ్మినా, అందులో తాతకు వచ్చిన భాగం వారసులకు పంచాల్సిందే, ఆ దారిలో అమ్మగారికి మళ్లీ ఆ ఎకరా ఉంటుంది.

2010లో అమ్మిన ఎకరా సంగతి తేలికే. ఆ అమ్మకం 2004 డిసెంబర్ 20 తర్వాతది కాబట్టి దానికి చట్టంలో రక్షణ లేదు, మీ అమ్మగారు సంతకం చేయలేదు కాబట్టి ఆమె వాటా పోలేదు. అయితే కొన్నవాడిని ఖాళీ చేయించాలని పట్టుబట్టకండి. కోర్టులు మామూలుగా చేసేది, కొన్న ఎకరాను అమ్మినవాడి వాటాలో కలిపి కొన్నవాడికే ఉంచడం. మామ రెండెకరాల్లో ఒకటి అలా పోతుంది, ఆయనకు మిగిలేది ఒకటి, మీ అమ్మకు, పిన్నమ్మకు చెరి రెండు. కొన్నవాడిని దావాలో ప్రతివాదిగా చేర్చడం మాత్రం మర్చిపోవద్దు. అదే అమ్మకం 2003లో రిజిస్టర్ అయి ఉంటే అమ్మగారు 2005 హక్కుతో దాన్ని కదిలించలేకపోయేవారు.

ఒక సంగతి చెప్పాలి, ఇది నా మనసులోంచి పోదు. 2017లో బంగారుపాళ్యం వైపు నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. తండ్రి 2001లో పోయాడు, పెళ్లి 1980 ముందే అయింది. 2015 తీర్పు అమల్లో ఉన్న రోజులు. పుట్టుక హక్కు మీకు రాదమ్మా, పాత లెక్కలో అరెకరా దాకా రావచ్చు అని చెప్పాను. అప్పటి చట్టం ప్రకారం అది సరైన సలహాయే. ఆమె తమ్ముడు రెండు లక్షలిస్తానన్నాడు, ఆమె సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టేసింది. 2020 ఆగస్టులో పేపర్ కటింగ్ మడిచి కొంగులో పెట్టుకుని మళ్లీ వచ్చింది. కరోనా రోజులు, మాస్కు వేసుకుని వరండాలో చివరి కుర్చీలో కూర్చుంది. కటింగ్ విప్పి నా బల్ల మీద పెట్టి, "ఇది నాకు కూడానా సార్?" అంది. ఆ దస్తావేజు చదివాను, డబ్బు ముట్టినట్టు ఉంది, మోసమో బలవంతమో అనడానికి ఆమె దగ్గరే ఆధారం లేదు. చట్టం మారినా ఇష్టపూర్వకంగా రిజిస్టర్ చేసి వదులుకున్న హక్కు తిరిగి రాదు. అది ఆమెకు చెప్పాల్సి వచ్చింది.

అందుకని, మీ అమ్మగారి చేత ఇన్నేళ్లలో ఎవరైనా ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించారా అని ఆమెను నెమ్మదిగా అడగండి. బ్యాంకు లోను కోసం అనో, పాస్‌బుక్ మార్పు కోసం అనో పెట్టించి ఉండొచ్చు. తహశీల్దార్ ఆఫీసులో "అభ్యంతరం లేదు" అని ఇచ్చిన స్టేట్‌మెంట్ ఒకటి, రిజిస్టర్ అయిన రిలీజ్ డీడ్ ఒకటి. మొదటిది హక్కును తీసేయదు. రెండోది తీసేస్తుంది. ఈసీలో రిలీజ్ డీడ్ ఉంటే కనిపిస్తుంది. కట్నం ఇచ్చాం, బంగారం పెట్టాం కాబట్టి భాగం అయిపోయింది అనే మాట కూడా వస్తుంది. పెళ్లి ఖర్చు భాగంలో చెల్లు కాదు, దాని గురించి వాదన పెంచుకోవద్దు.

గడువు సంగతి. ఉమ్మడి ఆస్తి నుంచి తనను బయటికి నెట్టారని తెలిసిన రోజు నుంచి పన్నెండేళ్లలో దావా వేయాలి, లిమిటేషన్ చట్టంలో 110వ ఆర్టికల్ అది. మామ ఏటా కాయల డబ్బు ఇస్తూ వచ్చాడన్నారు చూడండి, అది మీకు చాలా మేలు చేస్తుంది. డబ్బు ఇస్తున్నంతకాలం ఆమెను భాగస్థురాలిగా ఒప్పుకున్నట్టే, బయటికి నెట్టినట్టు కాదు. ఆపింది 2023లో. ఆ డబ్బు ఫోన్‌పేలో వచ్చి ఉంటే స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. చేతికి ఇచ్చి ఉంటే, ఇస్తుండగా చూసిన వాళ్లెవరో రాసుకోండి. కోర్టు ఫీజుకు కూడా ఇది పనికొస్తుంది. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని చూపగలిగితే కొద్దిపాటి నిర్ణీత ఫీజే కట్టాలి, పూర్తిగా బయటికి నెట్టేశారని రాస్తే వాటా విలువ మీద కట్టాలి. హైవే పక్క తోపులకు ఇప్పుడున్న ధరల్లో ఆ తేడా చిన్నది కాదు. నోటీసులో కోపంగా "2012 నుంచే మమ్మల్ని గడప తొక్కనివ్వలేదు" లాంటి మాట నిజం కాకపోయినా రాసేస్తారు కొందరు. అది గడువు దగ్గరా ఫీజు దగ్గరా రెండు చోట్లా ఎదురు తిరుగుతుంది.

దావా భూమి ఉన్న చోటే వేయాలి, అంటే అమ్మగారు తిరుపతిలో ఉన్నా చిత్తూరు వైపు కోర్టులోనే. ఉమ్మడి ఆస్తి అంతా పెట్టండి, ఊళ్లో ఇల్లు ఉంటే దాన్ని కూడా. మగ వారసులు పంచుకునేదాకా ఇంట్లో భాగం ఆడవాళ్లు అడగకూడదనే పాత 23వ సెక్షన్‌ను 2005లోనే తీసేశారు. దావాతో పాటే ఇక అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగండి. ముందు ప్రిలిమినరీ డిక్రీ వచ్చి ఎవరికి ఎంత వాటా అని తేలుతుంది, తర్వాత అడ్వొకేట్ కమిషనర్ సర్వేయర్‌తో తోపుకు వెళ్లి కొలుస్తారు, బావి ఎవరి వైపు, దారి ఎవరి వైపు, కాపు మీదున్న చెట్లు ఎవరికెన్ని అని చూసి రిపోర్టు ఇస్తారు, దాని మీద ఫైనల్ డిక్రీ. ఒకవేళ మీ ఇంట్లో ఎవరైనా ఇంతకు ముందే దావా వేసి ప్రిలిమినరీ డిక్రీలో తక్కువ వాటా వచ్చి ఆగిపోయి ఉంటే, ఫైనల్ డిక్రీ కాకముందు దాన్ని మార్పించుకోవచ్చు. 2011లో గండూరి కోటేశ్వరమ్మ కేసులో సుప్రీంకోర్టు అలాగే చేసింది. అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసే, అందులోనూ తండ్రి 2005కు చాలా ముందే పోయాడు.

దావా వేశాక మామ మనసు మారి కూర్చుని మాట్లాడతానంటే, కోర్టు బయట తెల్లకాగితం మీద మళ్లీ రాసుకోకండి. లోక్ అదాలత్‌లో రాజీ అవార్డు తీసుకోండి. అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

ఈ వారం మీరు చేయాల్సింది తాత, అవ్వల మరణ ధ్రువీకరణ పత్రాలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ, 1995 నుంచి 2000 వరకు అడంగళ్లు తీయడం. వాటితో పాటు మీ పిన్నమ్మను అడిగి ఆమె పెళ్లి పత్రిక వెతికించండి. 1991 అని తేదీ అచ్చై ఉన్న పత్రిక, కళ్యాణ మండపం రసీదు, ఫొటో వెనక స్టూడియో వేసిన ముద్ర, ఏది దొరికినా సరే. 1985 నాటికి ఆమెకు పెళ్లి కాలేదని చూపేది అదే, ఆ తెల్లకాగితానికి మొదటి జవాబు కూడా అదే.